ఎల్లమ్మ పంపని జవాబు

హైదరాబాదు కృష్ణానగర్‌లో మా సందుకు వచ్చేవాళ్లలో సగం మంది నటులు కావడానికి వచ్చినవాళ్లు. మిగతా సగం మంది వాళ్లకి గదులు అద్దెకిచ్చి బతికేవాళ్లు. ఈ రెండు గుంపుల్లోనూ లేని మనుషులం ఇద్దరం పక్కపక్క దుకాణాల్లో ఉన్నాం. ఒకరు ఎల్లమ్మ, జాకెట్లు కుడుతుంది. రెండోవాణ్ణి నేను, త్రినాథరావుని. సినిమా కథలు టైపు చేసి, జిరాక్సులు తీసి ఇస్తాను. మాటల రచయితనవుదామని తణుకు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఒక్క సినిమాకీ రాయలేదు. ఊరంతా రాసినవి మాత్రం నా చేతుల మీదుగానే పోతుంటాయి.

ముందే చెబుతున్నాను, నేను మంచివాణ్ణి కాను. నాకు కోపం ఎక్కువ, ధైర్యం తక్కువ. కుర్ర రచయితలు తెచ్చిన కాగితాల్లో డైలాగులు నచ్చకపోతే టైపు చేసేటప్పుడు అడక్కుండా మార్చేస్తాను. కరుకుగా ఉన్నది మెత్తగా చేస్తాను, సాగదీసింది కుదిస్తాను. ఇన్నేళ్లలో ఒక్కడూ కనిపెట్టలేదు. రాసినవాడే తను రాసింది మళ్లీ చదువుకోడు. అందుకని నాకు అదొక హక్కులా అలవాటైపోయింది.

ఎల్లమ్మది దుబ్బాక దగ్గర పల్లె. వయసు యాభై దాటింది. యూసుఫ్‌గూడలో ఒక టైలరు మాస్టరు దగ్గర చేరి ఆరేళ్లు హుక్కులు, కాజాలు, చేతి కుట్లు మాత్రమే కుట్టింది. ఏడో ఏట గాని ఆయన ఆమె చేతికి కత్తెర ఇవ్వలేదు. చదువు రాదు, అంకెలు వచ్చు. నోరు మాత్రం గట్టిది. జాకెట్టు బిగుతయిందని ఎవరైనా గొడవకొస్తే, నువ్వు తిన్నది నా కుట్టు మీద పెట్టకు అని మొహం మీదే అనేస్తుంది. అయినా శ్రీనగర్ కాలనీ నుంచి కార్లు వేసుకుని ఆమె దగ్గరికే వస్తారు. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకుని చేతులెత్తితే కింద పట్టీ పైకి లేవదు. వీపు మీద ముడత పడదు. భుజం జారదు. అంతకంటే ఎవరికేం కావాలి?

ఆమె దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉంది. అందులో పేర్లుండవు. ఒక్కో పేజీ మూల ఆ మనిషికి కుట్టిన జాకెట్టు తాలూకు ముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. ఆ ముక్కను చూసి మనిషిని గుర్తుపడుతుంది. పేజీలో జాకెట్టు బొమ్మ, దాని చుట్టూ పన్నెండు అంకెలు. పొడవు, భుజం, పై ఛాతీ, ఛాతీ, నడుము, భుజం నుంచి ఛాతీ మడతకుట్టు ఆగే డాట్ పాయింటు దాకా ఎంత, రెండు పాయింట్ల మధ్య ఎంత, సంక చుట్టు, చెయ్యి పొడవు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ. ఈ పన్నెండూ లేకుండా కత్తెర పట్టదు. మనిషన్నా రావాలి, లేకపోతే సరిగ్గా సరిపోయే పాత జాకెట్టన్నా పంపాలి. దాన్ని ఆది జాకెట్టు అంటారు. ఆది తెచ్చినా సరే, ఇది వేసుకుంటే ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు అని రెండుసార్లు అడుగుతుంది. పుస్తకంలో ఉన్న కొలత ఆరు నెలలు దాటితే దాన్ని నమ్మదు. ఒళ్లు మారుతుంది, పుస్తకం మారదు అంటుంది.

ఆమెకు నిలకడగా వచ్చే పని ఒకటే. ఫిల్మ్‌నగర్‌లో ఒక కాస్ట్యూమ్ డిజైనర్ ఆఫీసు ఉంది. పదకొండేళ్లుగా వాళ్ల సినిమాల్లో అమ్మలకి, అత్తలకి, నాయనమ్మలకి జాకెట్లు ఎల్లమ్మే కుడుతోంది. హీరోయిన్లవి బొంబాయిలో కుడతారు, అది వేరే కులం. ఈ అమ్మల జాకెట్లే ఆమె దుకాణాన్ని నిలబెట్టాయి. ఆ పని పోతే మిషను ఎత్తుకుని ఈ సందు నుంచి వెళ్లిపోవలసిందే. ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకూ తెలుసు, ఆ ఆఫీసుకి ఇంకా బాగా తెలుసు.

ఆ ఆఫీసులో వర్ణిక అని ఒక అసిస్టెంటు. పాతికేళ్లుంటాయి. పెద్ద కాలేజీలో బట్టల డిజైను చదివింది. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే పెడుతుంది. ఎల్లమ్మ మొదట్లో జవాబులు వాయిస్‌లో పెట్టేది. అలా వద్దు, రాతలో పెట్టాలి, తేడా వస్తే చూపించడానికి ఉండాలి అని వర్ణిక గట్టిగా చెప్పింది. అప్పట్నుంచి మెసేజి రాగానే ఎల్లమ్మ ఫోను పట్టుకుని నా దుకాణానికి వస్తుంది. నేను చదివి వినిపిస్తాను. ఆమె చెప్పింది టైపు చేసి పంపిస్తాను. అలా ఏడాదిన్నరగా ఆమె నోరు నా వేళ్లలో ఉంది.

మే నెల, సోమవారం పొద్దున పదకొండు. ఎల్లమ్మ ఫోను నా బల్ల మీద పెట్టింది. మెసేజి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. దాని మొత్తం సారాంశం ఇదీ: శ్యామలాదేవిగారికి బ్లౌజు కావాలి, గురువారం పొద్దున్నే సినిమా ముహూర్తం, గ్రీన్, అర్జెంటు. కింద దణ్ణం పెట్టే బొమ్మ. అంతే. కొలత లేదు. బట్ట లేదు. చీర ఏదో లేదు. మెడ ఎలా ఉండాలో, చేతులు ఎంతవరకో, హుక్కులు ముందో వెనకో, లైనింగు వెయ్యాలో వద్దో, ఏమీ లేదు.

శ్యామలాదేవి అంటే ఒకప్పుడు వరసగా తల్లి వేషాలు వేసినావిడ. మూడేళ్లుగా తెర మీద కనిపించలేదు. ఇప్పుడు ఎవరో నాయనమ్మ వేషానికి పిలిచారట. ఎల్లమ్మ పుస్తకంలో ఆవిడ పేజీ ఉంది, మెరూన్ ముక్క గుచ్చిన పేజీ. దాని మీద తేదీ నాలుగేళ్ల కిందటిది.

ఎల్లమ్మ చెప్పిన ప్రశ్నలు రాసి పంపాను. మనిషి ఎప్పుడొస్తుంది, రాకపోతే ఆది పంపుతారా, బట్ట మీరిస్తారా మేం కొనాలా, కొనాలంటే చీర చూపించండి. గ్రీనంటే వంద గ్రీన్లున్నాయి. చేతులు మోచేతి దాకా అయితే మీటరు బట్ట కావాలి, పొట్టివైతే ఎనభై సెంటీమీటర్లు చాలు, అది చెబితేగాని బట్ట తీసుకోలేం. లైనింగు గుడ్డ ముందు తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులో లోపలి గుడ్డ ముడుచుకుని పైబట్ట ఉబ్బుతుంది, దానికీ టైము కావాలి. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. రెండు గంటల తరవాత జవాబొచ్చింది. మేడం కొలతలు మీ దగ్గర ఉన్నాయి కదా, పాతవే పెట్టేయండి, బట్ట నేను బుధవారం పంపిస్తాను, మిగతా టైలర్లు ఇన్ని అడగరు.

ఆ చివరి మాట చదువుతుంటే నాకే ఒళ్లు మండింది. ఎల్లమ్మ మొహం చూడకుండా చదివాను.

"రాయి సారూ," అంది. "మనిషిని జూడకుండ, బట్టను ముట్టకుండ నేను కత్తెర పెట్టను. ఇన్ని అడగనోల్లకే ఇచ్చుకోమను. నేను కుట్టను."

చెప్పేసి, ఫోను నా బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది. మిషను మీద ఎవరిదో లంగా సగంలో ఉంది.

నేను ఆమె మాటల్ని యథాతథంగా టైపు చేశాను. చేసి చూసుకున్నాను. అది పంపితే ఆ పిల్ల సాయంత్రానికి ఇంకో టైలరును వెతుక్కుంటుంది. పదకొండేళ్ల పని ఒక్క నిమిషంలో పోతుంది. అదొక్కటే నా బాధ అని చెబితే అబద్ధం. ఆ ఆఫీసు కాగితాలు నా దగ్గరే ప్రింటు తీయించుకుంటుంది. ఎల్లమ్మను పక్కన పెడితే ఆ కోపం గోడ దాటి నా మీదికి కూడా వస్తుందని భయపడ్డాను. అంతా తుడిచేసి ఇలా పెట్టాను: సరే మేడం, పాత కొలతలతో గురువారానికి ఇచ్చేస్తాం. దానికి పైన దణ్ణం బొమ్మ కూడా తగిలించాను.

రేపు నెమ్మదిగా చెప్పి ఒప్పించవచ్చు అనుకున్నాను. ఎల్లమ్మ కోపం ఒక పూట కోపమే, మర్నాటికి చల్లారుతుంది, పాత పేజీ తీసి ఎలాగో కుట్టేస్తుంది అని నా లెక్క. మంగళవారం రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్లాను. మొదటిసారి ఎవరితోనో జగడమాడుతోంది. రెండోసారి నన్ను చూసి, ఆ పిల్ల మళ్లీ ఏమన్నా పెట్టిందా చూడమని ఫోను చేతికిచ్చింది. లేదన్నాను. మంచిగైంది అంది. ఆ మాటలో ఎంత తృప్తి ఉందంటే నేను నోరు విప్పలేకపోయాను. కొలత తప్పకుండా బతికిన మనిషి ఒక పెద్ద ఆఫీసుకు కాదని చెప్పానన్న సంతోషంలో ఉంది. ఆ సంతోషం ఉత్తదని చెప్పాల్సినవాణ్ణి నేను. టీ తాగి వచ్చేశాను.

బుధవారం పదిన్నరకి సందులోకి కారు వచ్చింది. కారు దూరదని ఎవరూ చెప్పినట్టు లేదు, మూలమీద రెండు బైకులకి తగిలి ఆగింది. వర్ణిక దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మ్యాచింగు సెంటరులో కొన్న పచ్చ రా సిల్కు ముక్క. లైనింగు కత్తిరించి పెట్టారా, దీన్ని దాని మీద వేసి సాయంత్రం ట్రయలుకి ఇవ్వండి అంటూ లోపలికొచ్చింది.

ఎల్లమ్మ మిషను ఆపింది. ఏ లైనింగు, నేను కుట్టనని సోమవారమే చెప్పిన కదా అంది. వర్ణిక ముందు నవ్వింది, తరవాత గొంతు పెంచింది. మీరు ఒప్పుకున్నారు కాబట్టే ఇంకెవరికీ ఇవ్వలేదు, రేపు పొద్దున ఎనిమిదికి ముహూర్తం, ఇప్పుడు ఇలా మాట మారిస్తే మా డిజైనర్ మేడం ఊరుకోరు అంది. ఎల్లమ్మ కూడా తగ్గలేదు. మాట మార్చడం మీ ఇంట ఉందేమో, మా ఇంట లేదంది. సందులో జనం పోగయ్యారు. నేను నా దుకాణంలో ప్రింటరు తెరిచి, ఏ లోపమూ లేని దాన్ని బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాను.

వర్ణిక ఫోను తీసింది. "ఇదిగోండి, మీరు పెట్టిందే. సరే మేడం, పాత కొలతలతో గురువారానికి ఇచ్చేస్తాం అని. కావాలంటే ఎవరితోనైనా చదివించుకోండి."

ఎల్లమ్మ ఆ ఫోను వైపు చూడలేదు. గోడ పక్కనుంచి రెండడుగులు వేసి నా గుమ్మం ముందు నిలబడింది. నా చేతిలో ప్రింటరు మూత ఉంది. నా మొహం చూసింది. తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లలో నా దిద్దుబాటును కనిపెట్టిన మొదటి మనిషి చదువు రాని మనిషి.

అక్కడే, అందరి ముందూ, నా పేరు చెప్పేస్తుందని ఎదురుచూశాను. చెప్పడానికి ఆమెకి హక్కుంది. అలా చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"నా ఫోన్ల కెల్లి పోయింది," అంది వర్ణికతో. "నా ఫోన్ల కెల్లి పోతే నా మాటే. కానీ పాత కొలతతోని కుట్టను. నన్ను ఆ అమ్మ కాడికి తీస్కపో. ఇప్పుడే."

వర్ణిక గునిసింది. మేడంగారిని ఇప్పుడు ఇబ్బంది పెట్టలేం, కొలతలు మీ దగ్గరున్నాయని ఆవిడే చెప్పారు అంది. తీసుకుపోతే జాకెట్టుంటుంది, లేకపోతే లేదు అంది ఎల్లమ్మ. టేపు మెళ్లో వేసుకుంది, పుస్తకం, సుద్దముక్క సంచిలో పెట్టుకుంది. లైనింగు గుడ్డ ఒక మీటరు బకెట్లో తడిపి, పిండి, డాబా మీద ఆరేయమని పక్కింటావిడకి ఇచ్చింది. ఆ కోపంలో కూడా ఆ పని మరిచిపోలేదు. కారెక్కుతూ నా వైపు తిరిగి, నువ్వు గూడ రా సారూ, వచ్చి చూడు అంది. అది పిలుపు కాదు. నేను షట్టరు దించి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను.

శ్యామలాదేవి ఇల్లు జూబ్లీహిల్స్‌లో, బండ మీద కట్టిన పాత ఇల్లు. గేటు దగ్గర వాచ్‌మన్ టైలరమ్మ వెనక గేటు నుంచి రావాలన్నాడు. ఎల్లమ్మ వెనక గేటు వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. వర్ణిక లోపలికి ఫోను చేస్తేగాని ముందు గేటు తెరుచుకోలేదు. హాల్లో మా ముగ్గురినీ కూర్చోమన్నవాళ్లు లేరు.

శ్యామలాదేవి వచ్చేసరికి నేను గుర్తుపట్టలేకపోయాను. తెర మీద నిండుగా ఉండే మనిషి, వదులు కాఫ్తాన్‌లో చిక్కిపోయి ఉంది. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి పెట్టుకుంది. మొహంలో మాత్రం పాత దర్పం ఎక్కడికీ పోలేదు. ఎందుకొచ్చారని అడిగింది. ఎల్లమ్మ చెప్పింది. ఆవిడ వర్ణిక మీద మండిపడింది. ఉన్న కొలతలు చాలవా, నా ఒళ్లు ఊరందరూ కొలవాలా, మీ ఆఫీసులో గ్రూపుల్లో పెట్టి అందరూ చదువుకోడానికా అంది. వర్ణిక బిక్కమొహం పెట్టింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మెసేజిలో కొలతలు ఎందుకు లేవో. ఈవిడ ఇవ్వనంది. ఆ పిల్లకి ఇంకోసారి అడిగే ధైర్యం లేదు. లేదని రాయడం చేతకాక ఎల్లమ్మ దగ్గరున్నాయని రాసింది. అడగాల్సినవాళ్లు అడగలేదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, చెప్పినదాన్ని నేను మార్చాను. మొత్తం భారం ఒక్క కత్తెర మీద పడింది.

"అమ్మా," అంది ఎల్లమ్మ, "నీ కొలత నా బుక్కుల తప్ప ఏడికీ పోదు. అండ్ల పేరు గూడ ఉండది. ఎవలూ లేకుండ చేస్త, జర లోపలికి రా."

ఎంత కోపంలో ఉన్నా శ్యామలాదేవి కాదనలేకపోయింది. ఎల్లమ్మ బతిమాలలేదు, బెదిరించలేదు. తన పని తను చెప్పింది. ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క అంకె కూడా బయటికి వినపడలేదు. ఎల్లమ్మ ఎప్పుడూ కొలత పైకి చదవదు, టేపు చూసి నోరు మూసుకుని రాసుకుంటుంది. ఆ గది తలుపు వైపు చూస్తూ నేను నిలబడే ఉన్నాను. వర్ణిక గోళ్లు కొరుక్కుంటూ ఫోను చూసుకుంటోంది.

తరవాత ఎల్లమ్మ చెప్పింది వర్ణికకి, నాకు కాదు. ఆర్నెల్ల కిందట ఆవిడ బాత్రూములో పడింది. ఎడమ భుజం పట్టేసింది, చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవదు. మంచంలో ఉన్నన్నాళ్లూ ఒళ్లు కరిగింది. ఛాతీ దగ్గరే నాలుగంగుళాలు తగ్గింది. ఎడమ భుజం అర అంగుళం కిందికి దిగింది. పాత పేజీతో కుట్టి ఉంటే జాకెట్టు వీపు మీద సంచిలా వేలాడేది, ఎడమవైపు జారిపోయేది. ఆఫీసువాళ్లు గీసుకున్న డిజైనులో హుక్కులు వెనక ఉన్నాయి. వెనక హుక్కులున్న జాకెట్టు ఆ చేత్తో ఆవిడ వేసుకోనేలేదు. కాబట్టి హుక్కులు ముందుకి రావాలి. పట్టేసిన చెయ్యి ముందు దూర్చాలి గనక ఎడమ సంక కొంచెం వదులుగా తీయాలి. రెండు భుజాలూ ఒక్కలాగే కత్తిరిస్తే కుదరదు, కుడిది వేరే, ఎడమది వేరే గీయాలి. లోపల రెండు వైపులా అంగుళం బట్ట వదలాలి, ఆవిడ మళ్లీ ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోడానికి.

వర్ణిక తెచ్చిన పచ్చ ముక్క తీసి, చీర ఏదని అడిగింది ఎల్లమ్మ. పనిమనిషి తెచ్చింది. ఆవపువ్వు రంగు పట్టు, ఆకుపచ్చ అంచు. ఎల్లమ్మ దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి మడతలు విప్పుకుంటూ పోయింది. పమిట కొంగు ఒక చివర, రెండో చివర వేళ్లతో తడిమి ఆగింది. అక్కడ నేతలో సన్నటి గీత. గీత తరవాత నేల రంగు మారి మొత్తం ఆకుపచ్చ, రెండు వైపులా అంచుతో సహా. చీరతో పాటు నేసిన జాకెట్టు ముక్క అది. ఎవరూ కత్తిరించలేదు. డిజైనర్ గ్రీన్ అన్నది దీన్ని చూసే. వర్ణిక అసలు చీర విప్పి చూడలేదు, బజారుకెళ్లి వేరే పచ్చ కొనుక్కొచ్చింది. ఆ రెండూ పక్కపక్కన పెడితే కొన్న ముక్క నల్లగా కొట్టింది.

చదువుకున్న చదువు ఈ ఒక్కటీ నేర్పలేదా అంది ఎల్లమ్మ. వర్ణిక కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి వేసిందని రాయాలని ఉంది, వెయ్యలేదు. నాకు నా గురించే భయంగా ఉంది.

మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేశాం. లైనింగు ఎండకి ఎప్పుడో ఎండిపోయి ఉంది. ఎల్లమ్మ దాన్ని ఇస్త్రీ చేసి, ముందు లైనింగు మీదే సుద్దతో గీసి కత్తిరించింది. దాన్ని, చీర నుంచి వేరుచేసి తెచ్చిన పట్టు ముక్క మీద పరిచి చుట్టూ పెద్ద కుట్లు వేసి, అప్పుడు పట్టుకి కత్తెర పెట్టింది. అంచులు రెండూ చేతులకి వచ్చేలా తిప్పుకుంది. ముక్క ఎనభై సెంటీమీటర్లే, ఛాతీ తగ్గింది కాబట్టే మోచేతి దాకా చేతులు వచ్చాయి. ఇదంతా నేను నా దుకాణంలో నుంచే చూశాను. లోపలికి వెళ్లే మొహం నాకు లేదు. సాయంత్రం ఆరింటికి హుక్కులు కుడుతోంది. ఏడింటికి వర్ణికే వచ్చి తీసుకెళ్లింది, ట్రయలు ఆ రాత్రే వేశారట. ఎక్కడా విప్పవలసిన పని పడలేదు.

గురువారం తొమ్మిదింటికి ముహూర్తం ఫోటోలు వచ్చాయి. క్లాపు కొడుతున్న వాళ్ల మధ్య శ్యామలాదేవి నిలబడి ఉంది. ఎడమ భుజం దిగిందని ఎవరూ కనిపెట్టలేరు. ఆ వెంటనే ఆఫీసు నుంచి ఎల్లమ్మకి మెసేజి వచ్చింది. ఆమె ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అదే ఆఖరుసారి అని నాకప్పుడు తెలియదు. నేను చదివాను. బ్లౌజు బాగుంది, కానీ మీరు ఒప్పుకుని తరవాత కాదనడం వల్ల అందరం ఇబ్బంది పడ్డాం, ఇకనుంచి కుదరకపోతే ముందే చెప్పండి, ఇలాంటిది ఇంకోసారి జరిగితే వేరేవాళ్లని చూసుకుంటాం.

ఇది అన్యాయం అన్నాను. ఫోను ఇలా ఇవ్వు, తప్పు నాదని రాసేస్తాను, నిజం చెప్పేస్తాను అన్నాను. నా గొంతు నాకే నాటకంలా వినిపించింది. ఎల్లమ్మ ఫోను ఇవ్వలేదు, కొంగులో చుట్టుకుంది.

"నా మాట నీకు కరుకు అనిపిస్తే నన్ను అడగకపోతివి సారూ," అంది. "నేనే జర తగ్గించుకుందును. మనిషిని అడగకుండనే కత్తిరించినవ్. నేను బట్టను గూడ గట్ల చెయ్యను. రాసేదుంటే నీ ఫోన్ల రాసుకో, నీ పేరు పెట్టి."

కోపంగా అనలేదు. అరిచి ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికి నాకు వీలుండేది.

ఆమె వెళ్లాక నా ఫోను తీశాను. వర్ణిక నంబరు నా దగ్గర ఉంది. టైపు చేశాను: సోమవారం నాడు ఎల్లమ్మగారు చెప్పిన విషయాన్ని మీకు తెలియజేయడంలో చిన్న పొరపాటు జరిగింది, అన్యథా భావించవద్దు. చదువుకున్నాను. ఎంత బాగా కుదిరిందో. అందులో నేను ఎక్కడా లేను. పొరపాటు తనంతట తనే జరిగిపోయింది. ఇరవై రెండేళ్ల నా పనితనమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. దాన్ని చూసి నా మీద నాకు అసహ్యం వేసింది.

తుడిచేశాను. మళ్లీ రాశాను. కొలత, బట్ట లేకుండా కుట్టనని ఎల్లమ్మ సోమవారమే చెప్పింది. కుడతానని రాసి పంపింది నేను, ఆమెని అడక్కుండా. కింద నా పేరు పెట్టి, మళ్లీ చదవకుండా పంపేశాను.

రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ ఆఫీసు కాగితాలు తరవాత నా దుకాణానికి రాలేదు. ఎల్లమ్మకి ఆర్డర్లు వస్తున్నాయి. ఇప్పుడామె ఖాళీ జాకెట్టు బొమ్మ గీసి, ఫోటో తీసి వాళ్లకి పంపుతోంది, పన్నెండు చోట్ల అంకెలు నింపి పంపితేగాని పని మొదలుపెట్టదు. దానికి అక్షరాలు అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.